అనాత్మను సెమినార్ పేపర్‌లో తప్పు లేకుండా వివరించడం ఎలా

ఎం.ఏ. ఫిలాసఫీలో నేను చదివిన మొదటి సెమినార్ పేపర్ "బుద్ధుడు ఆత్మ లేదన్నాడు" అనే వాక్యంతో మొదలైంది. నేను చదవడం ముగించగానే వెనక బెంచీ నుంచి ఒకతను అడిగాడు: "ఆత్మ లేకపోతే కర్మఫలం అనుభవించేది ఎవరు?" ఇంకొకరు, "అంటే అహంకారం వదులుకోమనేగా?" అన్నారు. మూడో ఆమె, "శంకరాచార్యులూ అదే చెప్పారు కదా, దేహం నేను కాదు, మనసు నేను కాదు అని" అంది. పన్నెండు పేజీలు రాసుకొచ్చాను, వాటిలో ఈ మూడింటికీ జవాబు లేదు.

ఆ తర్వాత ఈ విషయం మీద చాలా పేపర్లు విన్నాను, కొన్ని దిద్దాను. ప్రశ్నలు మాత్రం మారలేదు. బౌద్ధం ఎన్నడూ చదవని తెలుగు పాఠకుడు ఈ మూడు చోట్లే దారి తప్పుతాడు. అందుకే పేపర్‌ను ఈ మూడింటిని దృష్టిలో పెట్టుకుని కట్టాలి. ఎనిమిది, పది పేజీల పేపర్, ఇరవై నిమిషాల ప్రసంగం అనుకుని కింది క్రమం చెబుతున్నాను.

1. ఒక్క సుత్తం పట్టుకోండి

"బౌద్ధంలో అనాత్మ" అనే శీర్షికతో రాయవద్దు. థేరవాదం, సర్వాస్తివాదం, మాధ్యమికం, యోగాచారం ఈ మాటను ఒకే తీరుగా వివరించవు. అన్నీ కలిపితే ఏ ఒక్కరూ ఒప్పుకోని సిద్ధాంతం తయారవుతుంది. కొత్త పాఠకులకు అన్నిటికన్నా అనువైనది అనత్తలక్ఖణ సుత్తం. బుద్ధుడి ఉపదేశాల పాళీ సంకలనాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో 22.59. సంప్రదాయం ప్రకారం ఇది బుద్ధుడి రెండో ఉపదేశం, వారణాసి దగ్గర ఇసిపతనంలో, అంటే నేటి సారనాథ్‌లో, అయిదుగురు భిక్షువులకు చెప్పింది. అనువాదంలో రెండు మూడు పేజీలే. వాదమంతా అందులోనే ఉంది. ఉటంకించేటప్పుడు పేజీ నంబరు కాకుండా సుత్తం నంబరు ఇవ్వండి. అనువాదాలు ఎన్ని ఉన్నా నంబరు అదే.

మన ప్రాంతంలో రాసేవాళ్లకు ఒక మాట. అమరావతి, నాగార్జునకొండల మీద రెండు పేజీల పరిచయంతో మొదలుపెట్టాలని మనసు లాగుతుంది. నాకూ ఆ చోట్లంటే ప్రాణం. కానీ మీ పేపర్ అడుగుతున్నది తాత్విక ప్రశ్న. స్తూపాల చరిత్ర దానికి జవాబు కాదు, ఉన్న కాస్త చోటునూ తినేస్తుంది. హ్యూమ్‌ను కూడా మొదటి పేజీలోకి తేవద్దు. 1739లో ఆయన 'నేను' గురించి రాసినదానికీ దీనికీ పోలిక నిజంగానే ఉంది. కానీ పాఠకుడు ముందు హ్యూమ్‌ను గుర్తుపట్టేస్తే సుత్తాన్ని ఇక ఆ కళ్లతోనే చదువుతాడు.

2. తెలిసిన మాటల్ని ముందు విడదీయండి

ఇక్కడ మీరు ఎక్కువ సమయం పెట్టాలి. ఇంగ్లీషులో రాసేవాడికి స్కంధాల పేర్లు కొత్త మాటలు, పాఠకుడు జాగ్రత్తగా చదువుతాడు. తెలుగులో మన కష్టం వేరు. ఆ మాటలన్నీ మనకు ముందే తెలుసు, కానీ వేరే అర్థంలో.

సుత్తం మనిషిని అయిదు గుంపులుగా చూస్తుంది: రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం. వీటినే స్కంధాలంటారు. మామూలు తెలుగులో వేదన అంటే బాధ. ఇక్కడ అనుభవంలోని రుచి మాత్రమే: హాయిగా ఉండటం, బాధగా ఉండటం, రెండూ కాకుండా ఉండటం. మనకు సంజ్ఞ అంటే సైగ. ఇక్కడ గుర్తుపట్టడం, "ఇది ఫలానా" అని తెలియడం. సంస్కారం అంటే మనం మంచి నడవడి అనుకుంటాం, లేదా పెళ్లి, ఉపనయనం లాంటి కర్మ అనుకుంటాం. ఇక్కడ సంకల్పం, అలవాటు, కోరిక, కోపం లాంటివి, మనల్ని ఒక పనివైపు తోసేవన్నీ. విజ్ఞానం అంటే సైన్సు అనుకునే పాఠకుడికి ఇక్కడ అది కంటి ద్వారా, చెవి ద్వారా, మనసు ద్వారా కలిగే ఎరుక అని చెప్పాలి. ఈ వివరణ లేకుండా "వేదన అనాత్మ" అని రాస్తే, పాఠకుడికి "బాధ నీది కాదు" అనే ఓదార్పు మాటలా వినిపిస్తుంది.

పట్టిక వేసి వదిలేయకండి. అయిదూ ఒకేచోట కనిపించే చిన్న సంఘటన ఒకటి రాయండి. నేను వాడేది ఇది. పప్పన్నం తింటుంటే పచ్చిమిరపకాయ పంటికింద పడింది. మిరపకాయా, నాలుకా రూపం. చురుక్కుమన్న బాధ వేదన. "ఇది మిరపకాయ" అని పోల్చుకోవడం సంజ్ఞ. నీళ్లగ్లాసు వైపు చెయ్యి పోవడం, వండినవాళ్ల మీద చిరాకు రావడం సంస్కారాలు. ఆ రుచి తెలియడమే విజ్ఞానం. ఇవి ఇదే వరుసలో ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయని మాత్రం రాయకండి. అవి కలిసే ఉంటాయి, విడదీసింది మనం అర్థం చేసుకోవడానికి.

ఇక అసలు మాట, ఆత్మ. తెలుగులో ఇది మూడు నాలుగు పనులు చేస్తుంది. ఆత్మవిశ్వాసం, ఆత్మాభిమానం అన్నప్పుడు అది "తన" అనే అర్థం. "ఆయన ఆత్మకు శాంతి కలగాలి" అన్నప్పుడు చనిపోయాక మిగిలేది. సినిమాల్లో దయ్యం. వీటిలో ఏదీ సుత్తం మాట్లాడుతున్న ఆత్మ కాదు. అహం అనే మాట ఇంకా చిక్కు. తెలుగులో "వాడికి అహం ఎక్కువ" అంటే పొగరు అని. అందుకే అనాత్మ గురించి విన్న సగంమందికి అది వినయం గురించిన నీతిపాఠంలా అర్థమవుతుంది. మహా వినయంగల మనిషి కూడా తనలో మార్పులేని "నేను" ఒకటి ఉందని నమ్మవచ్చు. సుత్తం ప్రశ్నిస్తున్నది ఆ నమ్మకాన్ని. ఈ రెండు వాక్యాలూ మీ పేపర్‌లో ఇదే స్పష్టతతో ఉండాలి.

3. దేన్ని కాదంటున్నారో ఒక్క వాక్యంలో రాయండి

"ఆత్మ లేదు" అని మొదలుపెట్టకపోవడానికి సుత్తాల్లోనే కారణం ఉంది. వచ్ఛగోత్తుడనే పరివ్రాజకుడు వచ్చి "ఆత్మ ఉందా?" అని అడుగుతాడు. బుద్ధుడు మాట్లాడడు. "అయితే లేదా?" అంటాడు. అప్పుడూ మాట్లాడడు. అతను వెళ్లిపోయాక ఆనందుడు కారణం అడిగితే చెప్తాడు: ఉందంటే శాశ్వతవాదుల పక్షం అవుతుంది, లేదంటే చావుతో అంతా తెగిపోతుందనే ఉచ్ఛేదవాదుల పక్షం అవుతుంది. పైగా ఇప్పటికే అయోమయంలో ఉన్న అతను "ఇంతకుముందు నాకు ఆత్మ ఉండేది, ఇప్పుడు లేకుండా పోయింది" అనుకుంటాడు. ఇది సంయుత్త నికాయంలో 44.10. మీ పాఠకులు అచ్చంగా వచ్ఛగోత్తుడి స్థితిలోనే ఉన్నారు.

అందుకే కాదంటున్న దాన్ని నిర్వచించాకే "లేదు" అనే మాట వాడండి. నేను సూచించే వాక్యం ఇది: "మారకుండా ఉండేది, అనుభవాలకు యజమాని అయినది, వాటిని తన ఇష్టప్రకారం నడిపేది అయిన 'నేను' ఒకటి ఉందనే భావనను ఈ సుత్తం పరీక్షిస్తుంది." మారకపోవడం, యజమాని కావడం, అదుపు చేయడం, ఈ మూడు గుర్తులూ ముఖ్యం. తర్వాత వచ్చే వాదం వీటి మీదే పనిచేస్తుంది. మనిషి లేడని, ఆలోచన లేదని, బాధ్యత లేదని ఈ వాక్యంలో ఎక్కడా లేదు. పాఠకుడు అలా చదివితే వేలు పెట్టి చూపించడానికి మీకు వాక్యం ఉంటుంది.

4. రెండు వాదాల్ని కలపకుండా రాయండి

సుత్తంలో వాదాలు రెండు. చాలా పేపర్లు రెండోదాన్నే చెప్పి మొదటిదాన్ని దాటేస్తాయి.

మొదటిది అదుపు గురించి. రూపమే ఆత్మ అయితే అది జబ్బుపడేది కాదు. "నా రూపం ఇలా ఉండాలి, ఇలా ఉండకూడదు" అంటే అలాగే ఉండేది. అలా లేదు కనుక రూపం ఆత్మ కాదు. మిగతా నాలుగింటికీ ఇదే మాట. రెండోది ప్రశ్నోత్తరాలుగా సాగుతుంది. రూపం నిత్యమా, అనిత్యమా? అనిత్యం. అనిత్యమైనది దుఃఖమా, సుఖమా? దుఃఖం. అనిత్యమూ దుఃఖమూ అయి మారిపోయేదాన్ని "ఇది నాది, ఇది నేను, ఇది నా ఆత్మ" అనుకోవడం తగునా? తగదు.

ఇక్కడ ఒక విద్యార్థి రాసిన పేరా, దాన్ని దిద్దిన తీరు చూడండి. మొదటి రూపం ఇలా ఉంది: "అన్నీ అనిత్యం కాబట్టి ఆత్మ లేదని బుద్ధుడు నిరూపించాడు. మన శరీరం, మనసు మన చేతిలో లేవు." ఈ రెండు వాక్యాల్లో మూడు పొరపాట్లున్నాయి. రెండు వాదాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. చెయ్యి ఎత్తాలనుకుంటే ఎత్తగలుగుతున్నాం కదా అనే పాఠకుడికి రెండో వాక్యం అబద్ధంగా కనిపిస్తుంది. అన్నిటికన్నా పెద్దది, "అన్నీ" అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేదు.

దిద్దాక ఇలా అయింది: "మొదటి వాదం మనకు ఏ అదుపూ లేదని అనదు. చెయ్యి ఎత్తగలం, కానీ నరాలూ కండరాలూ సహకరిస్తేనే. పరిస్థితుల మీద ఆధారపడిన అదుపు యజమాని అదుపు కాదు. రెండో వాదం ప్రతి స్కంధాన్నీ అనిత్యమని చూపి, దాన్ని 'నేను' అనుకోవడం తగదంటుంది. ఈ రెండూ కలిసి నిరూపించేది అయిదు స్కంధాల్లో ఏదీ ఆత్మ కాదని మాత్రమే. ఎక్కడా ఆత్మ లేదనే ముగింపుకు రావాలంటే, ఈ అయిదింటికి బయట మనిషిలో ఇంకేమీ లేదనే మెట్టు కూడా కావాలి."

ఈ చివరి వాక్యం దగ్గర కాస్త ఆగండి. తాత్విక పేపర్‌గా మీ పేపర్ బలం ఇక్కడే ఉంది. ఆ మెట్టును ఈ సుత్తం విడిగా వాదించదు. అందుకే నేటి పండితుల్లో రెండు పక్షాలున్నాయి. ఇది ఆత్మను పూర్తిగా నిరాకరించడమే అంటుంది ఒక పక్షం. దేన్నీ "నేను" అని పట్టుకోవద్దని నేర్పే సాధన మాత్రమే అంటుంది రెండోది. తర్వాతి కాలంలో వసుబంధుడు అభిధర్మకోశం తొమ్మిదో అధ్యాయంలో నిరాకరణను పూర్తి వాదంగా నిలబెడతాడు. ఆయన అక్కడ ఎదుర్కొన్నది కూడా బౌద్ధులనే, స్కంధాలకు వేరూ కాని, అవే కూడా కాని "పుద్గలుడు" ఉన్నాడనే పుద్గలవాదులను. నా మట్టుకు నాకు నిరాకరణ పక్షమే సరిగ్గా తోస్తుంది. కానీ కొత్త పాఠకులకు రాసేటప్పుడు సుత్తం చెప్పింది ఎంత, తర్వాతివాళ్లు పూరించింది ఎంత అన్నది విడదీసి చూపడం ముఖ్యం.

5. "శంకరులూ ఇదే అన్నారు కదా" అనే ప్రశ్నకు చోటివ్వండి

ఈ ప్రశ్న తెలివైనది, తోసిపుచ్చకండి. శంకరుల పేర ఉన్న నిర్వాణషట్కం "మనోబుద్ధ్యహంకారచిత్తాని నాహం" అని మొదలవుతుంది. దేహం కాదు, మనసు కాదు, బుద్ధి కాదు అంటూ పోతుంది. స్కంధాలు ఆత్మ కావన్నంతవరకు అద్వైతి బౌద్ధుడితో తల ఊపగలడు. తేడా ఆ తర్వాత మొదలవుతుంది. ఇవన్నీ కాదని తీసేశాక, తీసేస్తున్నది తెలుసుకుంటున్న సాక్షి మిగిలాడు, అదే నేను అంటాడు అద్వైతి. షట్కం ప్రతి శ్లోకం "శివోఽహం" అని ముగియడం అందుకే.

మరో సంగతి కూడా ఒప్పుకోండి. అదుపు వాదం ఈ సాక్షిని తాకదు. సాంఖ్యుల పురుషుడు గానీ, అద్వైతుల సాక్షి గానీ దేన్నీ నడపరు, చూస్తారంతే. నడపనివాడికి అదుపు లేదని చూపితే వచ్చే నష్టం లేదు.

బౌద్ధుల జవాబు వేరే సుత్తంలో ఉంది, మజ్ఝిమ నికాయంలో 38వది. సాతి అనే భిక్షువు, చేపలు పట్టేవాడి కొడుకు, ఒకే విజ్ఞానం మారకుండా జన్మ నుంచి జన్మకు తిరుగుతుందని బుద్ధుడు చెప్పినట్టు ప్రచారం చేస్తాడు. బుద్ధుడు అతన్ని పిలిపించి గట్టిగా మందలిస్తాడు. ఎరుక ఎప్పుడూ దేన్నో ఆధారం చేసుకునే పుడుతుందని చెప్పి నిప్పుతో పోలుస్తాడు. కట్టెల్లో మండితే కట్టెల నిప్పు, పేడలో మండితే పేడ నిప్పు, ఊకలో మండితే ఊక నిప్పు. అలాగే కన్నూ రూపమూ ఆధారంగా పుట్టింది కంటి ఎరుక, చెవీ శబ్దమూ ఆధారంగా పుట్టింది చెవి ఎరుక. పిడకల పొయ్యి చూసినవాళ్లకు ఈ పోలిక వివరించనక్కర్లేదు. పిడకలు తీసేస్తే మంట ఒక్కటీ పక్కన నిలబడి ఉండదు. సాక్షి అనేవాడు ఏ ఆధారమూ లేకుండా నిలబడే మంట లాంటివాడని, అలాంటిది అనుభవంలో దొరకదని బౌద్ధుడు అంటాడు.

ఇంతటితో వాదం గెలిచినట్టు రాయకండి. శంకరులు బ్రహ్మసూత్రభాష్యంలో, 2.2.25 దగ్గర, జ్ఞాపకాన్ని ఎత్తిచూపుతారు: నిన్న చూసినవాడు, ఇవాళ గుర్తుచేసుకుంటున్నవాడు ఒకడే కాకపోతే "నేను చూశాను" అనే జ్ఞాపకం ఎలా కుదురుతుంది? ఇది నిజమైన అభ్యంతరం. దాని బలాన్ని తగ్గించకుండా రాసి, బౌద్ధుడు ఇచ్చే జవాబును, అంటే జ్ఞాపకానికి కావలసింది అదే మనిషి కాదు, తెగని కారణాల వరుస అనేదాన్ని, పక్కన పెట్టండి.

6. కర్మఫలం ఎవరిది?

ఆ వరుస అనే మాటే మొదటి ప్రశ్నకూ దారి తీస్తుంది. ఇక్కడ చాలామంది మిళిందపన్హ నుంచి రథం ఉపమానం ఎత్తుకుంటారు. అందులో నాగసేనుడనే భిక్షువు ఇండో గ్రీకు రాజు మిళిందుడితో, చక్రాలూ ఇరుసూ కాడీ విడివిడిగా ఏదీ రథం కాదు, వాటి కూడికను బట్టి రథమనే పేరు వచ్చింది అంటాడు. దాన్ని "రథం లేదు" అని రాసేవాళ్లున్నారు. అది తప్పు. రాజు రథమెక్కే వచ్చాడు. ఆ పేరు వాడుకకు సరిపోతుంది, కానీ భాగాలకు మించిన వస్తువేదో ఆ పేరు వెనక లేదన్నదే మాట.

కర్మ ప్రశ్నకు రథం కన్నా అదే గ్రంథంలోని మామిడిపండ్ల కథ బాగా పనికొస్తుంది. ఒకడు ఇంకొకడి తోటలో మామిడిపండ్లు దొంగిలిస్తాడు. రాజు ముందుకు తెస్తే, "నేను కోసిన పండ్లు ఈయన నాటినవి కావు. ఈయన నాటింది వేరే, నేను కోసింది వేరే" అంటాడు. నాటిన టెంక, కోసిన పండు ఒకటి కావు, నిజమే. అయినా శిక్ష తప్పదు, ఎందుకంటే ఆ టెంక లేకుండా ఈ పండు లేదు. చేసినవాడూ అనుభవించేవాడూ "అదే కాదు, వేరే కూడా కాదు" అనే బౌద్ధుల మాటకు అర్థం ఇదే.

పేపర్‌లో ఈ కథ తర్వాత ఒక వాక్యం చేర్చండి: బాధ్యత నిలబడటానికి మారని యజమాని అక్కర్లేదు, తెగని కారణసంబంధం చాలు అనేది బౌద్ధుల వాదం. అది చాలుతుందా అని నైయాయికులు అడిగారు. మీ పాఠకులూ అడగనివ్వండి.

7. ఇవ్వబోయే ముందు ఒకరికి చదివి వినిపించండి

ఫిలాసఫీ చదవనివాళ్లకు, ఇంట్లోవాళ్లయినా పర్వాలేదు, రెండు నుంచి ఆరో భాగం దాకా చదివి వినిపించండి. కాయితం మూసి రెండు ప్రశ్నలు అడగండి. "బుద్ధుడు దేన్ని కాదన్నాడు?" "నిన్న అప్పు చేసినవాడు ఇవాళ తీర్చాలా?"

మొదటిదానికి "అహంకారాన్ని" అని వస్తే, రెండో భాగంలో అహం, ఆత్మ మాటలు విడదీసిన పేరా బలహీనంగా ఉందని అర్థం. "మనుషులే లేరన్నాడు" అని వస్తే మూడో భాగంలోని నిర్వచనం పాఠకుడి చెవిన పడలేదు. దాన్ని విడి పేరాగా రాయండి. "ఆయనకు ఒక సాక్షి ఉన్నాడట" అంటే అయిదో భాగంలో నిప్పు ఉపమానం షట్కానికి మరీ దూరంగా పడింది, దగ్గరికి జరపండి. రెండో ప్రశ్నకు "అక్కర్లేదు, వాడు వేరే మనిషి" అంటే మామిడిపండ్ల కథలో శిక్ష పడిందన్న సంగతి మీరు తొందరగా దాటేశారు. "తీర్చాలి, వాడే కదా" అంటే "అదే కాదు" అన్న సగం జారిపోయింది. మా అమ్మ ఒకసారి ఆ పేరా విని కాసేపాగి, "వాడే అనీ అనలేం, కాదనీ అనలేం, అప్పు మాత్రం తీర్చాల్సిందే" అంది. ఆ పేరాను ఇక ముట్టుకోలేదు.